చీరల లైవ్‌కి చాటింపు: నాకు తెలిసొచ్చిన ఆరు సంగతులు

మాది వీరులపాడు. ఇరవై ఏళ్ళుగా ఇంట్లోనే చీరలమ్ముతున్నాను. మంగళగిరి వెళ్ళి నూలు చీరలు, విజయవాడ వస్త్రలతకు వెళ్ళి మిగతావి తెచ్చుకుంటాను. గత ఐదేళ్ళుగా ఆదివారం రాత్రిళ్ళు యూట్యూబ్‌లో లైవ్ పెడుతున్నాం. ఫోను మా కోడలు పట్టుకుంటుంది, చీర నేను విప్పి చూపిస్తాను. లైవ్ ఉందని ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో ముందుగా చెప్పే కేప్షన్ మాత్రం మొదటి నుంచీ నేనే రాస్తున్నాను. మా మండలంలో ఇప్పుడు చాలామంది ఆడపిల్లలు ఈ పని మొదలుపెట్టారు కాబట్టి, నేను తప్పులు చేసి నేర్చుకున్నవి వాళ్ళ కోసం రాస్తున్నాను.

1. నమస్కారం తర్వాత, టైము ముందు.

నా చిన్నప్పుడు ఊళ్ళో చాటింపు వేసే మనిషి డప్పు కొట్టి, ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి అన్న మూడు ముక్కలూ చెప్పి తర్వాతి బజారుకి వెళ్ళిపోయేవాడు. నేను మాత్రం తొలి రోజుల్లో "అందరికీ నమస్కారం అండీ, మీ అందరి ఆదరణతో" అని మొదలుపెట్టేదాన్ని. ఇన్‌స్టాగ్రామ్‌లో కేప్షన్ మొదటి రెండు వరుసల దాకానే కనిపిస్తుంది. తర్వాత more అని వస్తుంది, అది నొక్కితేనే మిగతాది. నా రెండు వరుసలూ నమస్కారానికే సరిపోయేవి. చూసినవాళ్ళు కింద "ఎప్పుడండీ లైవ్?" అని అడిగేవాళ్ళు. రాసిన మాటే మళ్ళీ అడుగుతున్నారంటే అది వాళ్ళ కంట పడలేదన్నమాట. ఇప్పుడు మొదటి వరుసలో తేదీ, వారం, టైము, రెండో వరుసలో ఏ చీరలో రాస్తాను. పలకరింపు ఆఖర్న పెడతాను.

2. "ఈరోజు", "రేపు" అని రాయకండి.

శుక్రవారం పెట్టిన పోస్టు కొందరికి ఆదివారం కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఒకరు పంపింది ఇంకొకరికి చేరేసరికి సోమవారం అవుతుంది. అప్పుడు "రేపు రాత్రి" అంటే ఏ రాత్రి? తేదీ, వారం రెండూ రాయండి. ఒకటి పొరపాటు పడినా రెండోది పట్టిస్తుంది. "సాయంత్రం" అని వదిలేయడం కూడా నాకు నచ్చదు. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం, ఆ వేళ కొత్త చీర బుక్ చేయని పెద్దవాళ్ళు నా దగ్గర చాలామంది ఉన్నారు. అందుకే రాత్రి 8:30 అని నిమిషంతో సహా రాస్తాను.

3. అమెరికా గడియారాన్ని పాత కేప్షన్ నుంచి ఎత్తిరాయకండి.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది, కాస్త వివరంగా చెబుతాను. మా వైపు పిల్లలు చాలామంది న్యూజెర్సీలో, డల్లాస్‌లో ఉన్నారు. వాళ్ళ కోసం కేప్షన్‌లో మన 8:30 పక్కన "న్యూజెర్సీ ఉదయం 11" అని రాసేదాన్ని. వేసవి అంతా అది సరిగ్గానే ఉంది. 2025 నవంబరు 2, ఆదివారం, కార్తీక మాసం లైవ్‌కి పాత కేప్షన్ తీసి తేదీ మార్చి పెట్టేశాను. ఆ తెల్లవారుజామునే అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పారు. మన గడియారం ఎప్పుడూ కదలదు కాబట్టి మన రాత్రి 8:30 వాళ్ళకు ఉదయం 10 అయింది. నా కేప్షన్ నమ్మి 11కి వచ్చిన ఏడుగురికి మొదటి గంటలో అమ్ముడైన నిజాం అంచు చీరలు ఒక్కటీ మిగల్లేదు. వాళ్ళలో ఇద్దరు కార్తీక పౌర్ణమి నోములకని ఆ చీరల కోసమే కూర్చున్నవాళ్ళు.

అమెరికాలో ఏటా మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. మన 8:30 న్యూజెర్సీకి ఎండాకాలంలో 11, చలికాలంలో 10. డల్లాస్‌కి వరుసగా 10, 9. దుబాయ్‌లో గడియారం మార్చరు, అక్కడ ఏడాది పొడుగునా సాయంత్రం 7. ఆ రెండు ఆదివారాలూ ఇప్పుడు మా గోడ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి ఉంటాయి.

4. ఇంట్లో ఉన్న సరుకే, అదీ మూడు రకాలే.

"అన్ని రకాల చీరలూ ఉన్నాయి" అన్న కేప్షన్ చూసి ఎవరూ పని మానుకుని రారు. "మంగళగిరి నూలు, నిజాం అంచు, జాకెట్టు ముక్కతో, 1,200 నుంచి 1,600 దాకా" అంటే, అలాంటిది కావాలనుకున్న మనిషి ఆ టైముకి వస్తుంది. అంచు ఏదో, నూలో పట్టో, జాకెట్టు ముక్క ఉందో లేదో, ధర ఎంత నుంచి ఎంత దాకానో, ఈ నాలుగూ చెబితే చాలు. ఏ రకం ఎప్పుడు చూపిస్తారో కూడా చెప్పండి. నేను "మొదటి అరగంట నిజాం అంచు, తర్వాత చెక్స్, చివర్లో డ్రెస్ మెటీరియల్" అని రాస్తాను. గంటన్నరా కూర్చోలేనివాళ్ళు తమకు కావలసినప్పుడే వస్తారు.

ఒక్కటే ఉన్న చీర ఫోటోను కేప్షన్‌తో పెట్టకండి. లైవ్‌లో మొదటి స్క్రీన్‌షాట్ పంపినవాళ్ళదే ఆ చీర, మిగతా వాళ్ళందరికీ నిరాశ. కనీసం ఐదారు రంగులున్న చీరనే ముఖచిత్రంగా పెడతాను. పార్సిల్ ఇంకా దారిలో ఉన్న సరుకు పేరు కూడా రాయను. ఒకసారి రాశాను, ఆదివారానికి కూడా పార్సిల్ రాలేదు.

5. గుర్తుచేయమని అడిగేటప్పుడు ఏం నొక్కాలో చెప్పండి.

"మర్చిపోకండి" అంటే వాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. Notify me నొక్కితే ఫోనే గుర్తు చేస్తుంది. యూట్యూబ్‌లో లైవ్‌ను ముందుగా షెడ్యూల్ చేస్తేనే ఆ పేజీ మీద ఈ బటన్ వస్తుంది. అక్కడ కనిపించే టైము చూసేవాళ్ళ ఊరి టైములోనే ఉంటుంది, మూడో సంగతిలో చెప్పిన తిప్పలకు అదే మందు. అందుకే ముందు షెడ్యూల్ చేసి, ఆ లింకు తీసుకుని, తర్వాత కేప్షన్ రాయండి.

లింకు ఎక్కడ పెడుతున్నారో చూసుకోవాలి. వాట్సాప్‌లో నొక్కితే తెరుచుకుంటుంది. ఇన్‌స్టాగ్రామ్ కేప్షన్‌లో తెరుచుకోదు, అది వట్టి అక్షరాలే. అక్కడ "లింకు ప్రొఫైల్‌లో ఉంది, తెరిచి Notify me నొక్కండి" అని రాయాలి, ప్రొఫైల్‌లో పాత లింకు తీసి కొత్తది పెట్టాలి.

ఆదివారం రాత్రి జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి. షెడ్యూల్ చేసిన లైవ్‌నే తెరిచి మొదలుపెట్టాలి. మా కోడలు ఒకసారి హడావిడిలో కొత్త లైవ్ మొదలుపెట్టింది. బటన్ నొక్కినవాళ్ళంతా పాత పేజీలో ఎదురుచూస్తున్నారు, మేమేమో ఇంకో పేజీలో చీర పట్టుకుని నిలబడ్డాం. పావుగంటైనా పది మంది దాటకపోయేసరికి "అత్తయ్యా, మనం వేరే దాంట్లో ఉన్నాం" అని తనే పట్టుకుంది.

బటన్లు నొక్కని పెద్దవాళ్ళకు "వాట్సాప్‌లో లైవ్ అని పంపండి, ఆదివారం ఎనిమిదింటికి లింకు పంపుతాం" అని రాస్తాను. దానికి బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడతాం. మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. కాబట్టి "ముందు మా నంబరు సేవ్ చేసుకోండి" అన్న ముక్క కేప్షన్‌లో ఉండి తీరాలి.

6. టైము మారితే పాత కేప్షన్‌నే దిద్దండి.

కరెంటు పోయిందనో, ఇంట్లో ఏదో పని వచ్చిందనో లైవ్ వెనక్కి జరుగుతుంది. కొత్త పోస్టు పెట్టి ఊరుకుంటే పాతది చూసినవాళ్ళు పాత టైముకే వస్తారు. పాతదాని మొదటి వరుసలోనే కొత్త టైము రాయండి, యూట్యూబ్ షెడ్యూల్లో కూడా మార్చండి. అడ్డంకి ముందే తెలిస్తే అసలు లైవ్ పెట్టకపోవడమే మేలు. మాఘ పౌర్ణమికి పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళప్పుడు మా వైపు వాళ్ళెవరూ ఫోను ముందు కూర్చోరు, ఆ వారం నేను లైవ్ పెట్టుకోను.

అమ్మాయిలూ, కేప్షన్ రాశాక, పోస్టు చేసే ముందు ఇంట్లో ఎవరికైనా మొదటి రెండు వరుసలు చదివి వినిపించండి. ఏ రోజు, ఎన్నింటికి, ఏ చీరలు అని అడగండి. వాళ్ళు చెప్పలేకపోతే మళ్ళీ రాయండి.