రీచ్ కొండంత, స్పందన గోరంత: ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్ చదవడం ఎలా?

రీచ్, ఇంప్రెషన్స్, ఎంగేజ్‌మెంట్ రేటు అనే మూడు మాటలు ఇన్‌స్టాగ్రామ్ లెక్కల్లో ఎప్పుడూ కలిసే వినిపిస్తాయి కానీ మూడూ ఒకే జాతి అంకెలు కావు. రీచ్ అంటే ఎంతమంది చూశారన్నది. ఇంప్రెషన్స్ అంటే ఎన్నిసార్లు కనిపించిందన్నది. ఎంగేజ్‌మెంట్ రేటు మాత్రం ఒక భాగహారం. స్పందనల మొత్తాన్ని మరో అంకెతో భాగిస్తే వచ్చే శాతం అది. ఆ రెండో అంకె ఏదన్నది మార్చితే అదే పోస్టు గొప్పగానూ కనిపించవచ్చు, పేలవంగానూ కనిపించవచ్చు. చిన్న క్రియేటర్లు పొరబడేదీ, సోషల్ మీడియా ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి వెళ్లిన అభ్యర్థి తడబడేదీ ఎక్కువగా ఇక్కడే.

మొదటి రెండింటి తేడా నాంపల్లి నుమాయిష్‌లో తేలిగ్గా తెలుస్తుంది. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో తిరిగే ఒక మనిషి అదే స్టాలు ముందు నుంచి మూడుసార్లు వెళితే స్టాలు బోర్డుకు రీచ్ 1, ఇంప్రెషన్స్ 3. ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా అంతే. అయితే అది లెక్కించేది మనిషిని కాదు, అకౌంటును. రెండు అకౌంట్లున్న కుర్రాడు రెండింటిలోనూ చూస్తే రీచ్ 2 అవుతుంది. పైగా రీచ్ అంచనా సంఖ్యేనని ఇన్‌స్టాగ్రామే చెబుతుంది. పాత స్క్రీన్‌షాట్లలో ఉన్న ఇంప్రెషన్స్ అనే పేరు ఇప్పుడు యాప్‌లో కనిపించకపోతే కంగారు పడనక్కర్లేదు. రీల్స్, స్టోరీలు, ఫొటోలు అన్నింటికీ వ్యూస్‌నే ప్రధాన కొలతగా చేస్తున్నట్టు ఇన్‌స్టాగ్రామ్ 2024 ఆగస్టులో ప్రకటించింది. వ్యూస్ అంటే పోస్టు ఎన్నిసార్లు ప్లే అయిందో, తెర మీద ఎన్నిసార్లు కనిపించిందో ఆ లెక్క. అంటే ఇంప్రెషన్స్ చేసిన పనే. ఏజెన్సీల మాటల్లో, ఇంటర్వ్యూల్లో మాత్రం పాత పేరు ఇంకా నడుస్తూనే ఉంది.

ఇప్పుడు ఒక స్క్రీన్‌షాట్ తీసుకుందాం. అంకెలు వివరణ కోసం కల్పించినవే అయినా చిన్న అకౌంట్లలో ఇలాంటి తీరు తరచూ కనబడుతుంది. ఆదివారం దుకాణాలు మూసి ఉన్నప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల గురించి రాసే అకౌంటు అనుకుందాం. ఫాలోవర్లు 2,300 మంది. ఒక వారంలో పెట్టింది రెండే. ఒకటి పుస్తకాల వరసల మీదుగా నడుస్తూ, పాట జోడించి తీసిన రీల్. రెండోది పోటీ పరీక్షల పుస్తకాలు పాతవి కొనేటప్పుడు ఎడిషన్ ఎలా చూసుకోవాలి, సిలబస్ మారిందో లేదో ఎలా పోల్చుకోవాలి అని ఫొటోల వరసగా పెట్టిన క్యారౌసెల్. రెండూ పెట్టిన ఏడో రోజున తీసిన అంకెలివి:

```
                   రీల్     క్యారౌసెల్
Views             18,400      3,060
Accounts reached  12,600      1,700
Likes                410         96
Comments              18         31
Saves                 22         61
Shares                54         50
```

పై వరస చూసిన ఎవరికైనా రీల్ హిట్టు, క్యారౌసెల్ ఫట్టు అనిపిస్తుంది. కింది నాలుగు వరసలు కూడితే రీల్‌కు 504 స్పందనలు, క్యారౌసెల్‌కు 238. ఇక్కడ కూడా రీల్‌దే పైచేయి. ఈ మొత్తాలను ఫాలోవర్ల సంఖ్యతో భాగిస్తే రీల్‌కు దాదాపు 22 శాతం, క్యారౌసెల్‌కు 10 శాతం వస్తాయి. రేట్ కార్డులో 22 శాతం అని వేసుకోవాలని ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆ రీల్ చేరినవాళ్లలో అత్యధికులు ఫాలోవర్లే కారు. ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు కొట్టిన లైకులను 2,300తో భాగించడంలో అర్థం లేదు. చూసినవాళ్లు ఒకరు, భాగించింది మరొకరితో.

రీచ్‌తో భాగిస్తే బొమ్మ తిరగబడుతుంది.

```
ఎంగేజ్‌మెంట్ రేటు = స్పందనలు ÷ రీచ్ × 100
రీల్      : 504 ÷ 12,600 × 100 = 4.0
క్యారౌసెల్ : 238 ÷ 1,700 × 100 = 14.0
```

చూసినవాళ్లలో ఎంత స్పందన వచ్చిందన్న ప్రశ్నకు సరైన హారం ఇదే. వ్యూస్‌తో కూడా భాగించవచ్చు, కొన్ని ఏజెన్సీలు అలాగే చేస్తాయి. అప్పుడు 2.7, 7.8 శాతాలు వస్తాయి. ఒకే మనిషి మళ్లీ మళ్లీ చూసినకొద్దీ ఈ లెక్కలో రేటు పడిపోతుంది. ఇష్టపడి తిరిగి చూసినందుకు పోస్టుకు శిక్ష వేసినట్టవుతుంది కాబట్టి చిన్న అకౌంట్లకు ఈ పద్ధతి అంత నప్పదు. ఏ పద్ధతి వాడినా ఫర్వాలేదు గానీ ఏది వాడారో చెప్పకుండా శాతం ఒక్కటే రాస్తే ఆ శాతానికి విలువ లేదు.

స్పందనల మొత్తాన్ని విడగొట్టి చూస్తే ఇంకో విషయం బయటపడుతుంది. క్యారౌసెల్ చేరింది రీల్ చేరిన వాళ్లలో ఏడో వంతు మందికే. అయినా సేవ్‌లు దానికే దాదాపు మూడింతలు. షేర్లు రెండింటికీ ఇంచుమించు సమానం, కానీ రీచ్‌తో భాగిస్తే రీల్‌కు 0.4 శాతం, క్యారౌసెల్‌కు 2.9 శాతం. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి 2025 జనవరిలో ర్యాంకింగ్‌కు ముఖ్యమైనవని చెప్పిన మూడింటిలో రీచ్‌కు ఎన్ని లైకులు, రీచ్‌కు ఎన్ని షేర్లు అన్నవి రెండు. మూడోది ఎంతసేపు చూశారన్నది. కొత్తవాళ్లకు చేరాలంటే లైకుల కన్నా షేర్ల నిష్పత్తి ఎక్కువ పనిచేస్తుందన్నది ఆయన మాట. అంటే సంస్థ కూడా ఉత్త మొత్తాన్ని కాదు, రీచ్ మీద నిష్పత్తినే చూస్తోంది.

అలాగని 14 శాతం చూసి క్యారౌసెల్ రీల్ కన్నా మూడున్నర రెట్లు మేలని తేల్చేయడం కూడా తొందరపాటే. ఫాలోవర్లు సాధారణంగా కొత్తవాళ్ల కన్నా ఎక్కువ స్పందిస్తారు. పోస్టు బయటివాళ్లలోకి వెళ్లేకొద్దీ రేటు తగ్గడం సహజం. అందుకే ఇన్‌సైట్స్‌లో ఫాలోవర్లు, నాన్-ఫాలోవర్లు అని విడదీసి చూపించే భాగాన్ని చూడాలి. మన ఉదాహరణలో రీల్ రీచ్‌లో 88 శాతం బయటివాళ్లనీ, వాళ్ల నుంచి వచ్చినవి 353 స్పందనలనీ అనుకుందాం. బయటివాళ్లలో రేటు 3 శాతం పైచిలుకు. క్యారౌసెల్ రీచ్‌లో బయటివాళ్లు 30 శాతమే, అంటే 510 మంది. వాళ్ల స్పందనలు 60 అయితే రేటు 12 శాతానికి దగ్గర. కొత్తవాళ్లతో కొత్తవాళ్లను పోల్చినా క్యారౌసెల్లే ముందుంది కాబట్టి ఈసారి తీర్పు నిలుస్తుంది. ఈ పరీక్షకు నిలవని 14 శాతాలు చాలా ఉంటాయి. మరో పరిమితి ఏమిటంటే, ఒకే మనిషి లైక్ కొట్టి, సేవ్ చేసి, షేర్ కూడా చేస్తే మూడు స్పందనలు. 238 స్పందనలంటే 238 మంది కాదు. రీచ్ వందల్లోనే ఉన్న పోస్టుకు నలుగురు స్నేహితులు హడావిడి చేసినా శాతం ఎగిరిపడుతుంది.

రీచ్‌లను కూడడం ఇంకో సామాన్యమైన తప్పు. పై రెండు పోస్టుల రీచ్ కూడితే 14,300. కానీ ఆ వారం అకౌంటు మొత్తం రీచ్ 13,500 అని స్క్రీన్ చూపించవచ్చు. యాప్ తప్పు కాదది. రెండూ చూసిన 800 మందిని అకౌంటు లెక్క ఒక్కసారే వేసుకుంది. వ్యూస్ కూడవచ్చు, రీచ్ కూడకూడదు. నెలకు 50 వేల మందికి చేరుతున్నానని పోస్టుల రీచ్ కూడి రాసినవాళ్ల రెజ్యూమేలో ఈ లోపాన్ని అనుభవమున్న మేనేజర్ ఒక్క చూపులో పట్టేస్తారు.

పోల్చే రెండు పోస్టుల వయసు కూడా ఒకటే అయ్యుండాలి. నిన్నటి రీల్‌ను నెల క్రితం దానితో పోల్చితే ఏమీ తేలదు. కాలం కూడా చూసుకోవాలి. నుమాయిష్ మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. ఆ రోజుల్లో నాంపల్లి పేరుతో పెట్టిన రీల్‌కు వచ్చే రీచ్‌లో కొంత నుమాయిష్‌దే. మార్చిలో రీచ్ పడిపోతే క్రియేటర్ పని పాడైందని కాదు. డబ్బు కట్టి బూస్ట్ చేసిన పోస్టులో ప్రకటనల ద్వారా వచ్చిన చూపు కూడా కలిసే ఉంటుంది. దాన్ని విడిగా చెప్పాలి.

యూట్యూబ్ స్క్రీన్‌షాట్‌తో పక్కపక్కన పెట్టేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. అక్కడ ఇంప్రెషన్ అంటే వీడియో థంబ్‌నెయిల్‌లో కనీసం సగం, ఒక సెకను కన్నా ఎక్కువసేపు యూట్యూబ్‌లో కనిపించడం. వాట్సాప్ గ్రూపులో వచ్చిన లింకు నొక్కి చూసినవాళ్ల వ్యూ లెక్కకొస్తుంది, ఇంప్రెషన్ రాదు. అందుకే ఊళ్లో గ్రూపుల్లో బాగా తిరిగిన వీడియోకు ఇంప్రెషన్స్ కన్నా వ్యూసే ఎక్కువ ఉన్నా ఆశ్చర్యం లేదు. పేరు ఒకటే అయినా ఇన్‌స్టాగ్రామ్ పాత ఇంప్రెషన్స్‌కూ దీనికీ పొంతన లేదు.

ఇక ప్రకటన ఇచ్చేవాళ్లకు ఈ స్క్రీన్‌షాట్లు పంపే సంగతి. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో మొబైల్ దుకాణం నడిపే వ్యక్తికి దేశమంతా వచ్చిన వ్యూస్‌తో పనిలేదు, దుకాణానికి నడిచి రాగలవాళ్లు కావాలి. కాబట్టి అతనికి వెళ్లే స్క్రీన్‌షాట్లలో టాప్ లొకేషన్స్‌లో హైదరాబాద్ వాటా కనిపించేది తప్పక ఉండాలి. తేదీల పరిధి కత్తిరించకుండా, పోస్టు పేజీ పూర్తిగా కనిపించేలా తీయాలి. స్క్రీన్‌షాట్లను దిద్దడం తేలిక కాబట్టి కొందరు స్క్రీన్ రికార్డింగ్ అడుగుతారు, ఇవ్వడానికి వెనకాడకూడదు. ఒక్క హిట్టు రీల్‌కు బదులు చివరి పది పన్నెండు పోస్టుల రేట్లను వరసలో పెట్టి మధ్యలో నిలిచే అంకెను చెబితే మేలు. సగటు తీస్తే ఆ ఒక్క హిట్టే మొత్తాన్ని పైకి లాగేస్తుంది. ఇంటర్వ్యూలో ఎంగేజ్‌మెంట్ ఎంత అని అడిగితే "రీచ్ మీద ఇంత, ఏడో రోజు లెక్క, బూస్ట్ చేయలేదు" అని మూడు ముక్కల్లో చెప్పగలిగితే చాలు.

రీచ్, సేవ్‌ల వంటి ఇన్‌సైట్స్ అంకెలు మామూలు పర్సనల్ అకౌంటులో కనిపించవు. సెట్టింగ్స్‌లో ప్రొఫెషనల్ అకౌంటుకు, అంటే క్రియేటర్ లేదా బిజినెస్ రకానికి మారాలి. దానికి రుసుమేమీ లేదు. మారడానికి ముందు పెట్టిన పోస్టులకు మాత్రం ఇన్‌సైట్స్ రావు. కాబట్టి వచ్చే నుమాయిష్ మీద రీల్స్ తీయాలనుకునేవాళ్లు ఆ మార్పు డిసెంబరు లోపే చేసుకోవాలి.