రెండు తీసేశారు సరే, దేన్నుంచి?

2008 గేట్ కంప్యూటర్ సైన్స్ పేపర్‌లో ఒక చిన్న ప్రశ్న ఉంది. క్లాస్-బి నెట్‌వర్క్‌కు సబ్‌నెట్ మాస్క్ 255.255.248.0 అయితే, ఒక్కో సబ్‌నెట్‌లో గరిష్ఠంగా ఎన్ని హోస్టులు ఉండొచ్చు? ఇచ్చిన ఆప్షన్లు 1022, 1023, 2046, 2047. ప్రశ్న తయారుచేసినవాళ్లు ఈ నాలుగు అంకెలనూ ఊరికే పెట్టలేదు. ఒక్కటి మాత్రమే తీసేసేవాళ్లకు 1023, 2047 ఎదురుచూస్తుంటాయి. ఈ రెండింటినీ లెక్క మొదలుపెట్టకముందే కొట్టేయొచ్చు. ఒక సబ్‌నెట్‌లోని మొత్తం అడ్రసులు ఎప్పుడూ 2 ఘాతాల్లోనే ఉంటాయి, అందులోంచి నెట్‌వర్క్ అడ్రస్, బ్రాడ్‌కాస్ట్ అడ్రస్ పోతే మిగిలేది సరిసంఖ్యే. బేసిసంఖ్య వచ్చిందంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. చిక్కంతా మిగిలిన రెండింటితో. 1022కి రెండు కలిపితే 1024, 2046కి కలిపితే 2048. రెండూ చక్కటి 2 ఘాతాలే, రెండూ సూత్రానికి ఒదిగిపోతాయి. అంటే కోచింగ్ నోట్సులో అందరూ కంఠస్థం చేసే ‘మైనస్ 2’ ఇక్కడ ఏమీ తేల్చలేదు. ఆ తీసివేతను మరచిపోయే అభ్యర్థులు తక్కువ, దేన్నుంచి తీస్తున్నామో తప్పుగా లెక్కపెట్టేవాళ్లే ఎక్కువ. కాబట్టి జవాబు సరిచూడటమంటే 2 తీశామా లేదా అని చూసుకోవడం కాదు. ఆ సబ్‌నెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కాగితం మీద రాసి చూడటం.

ముందు మామూలు దారిలోనే వెళ్దాం. 248 అంటే 128, 64, 32, 16, 8 కలిపిన మొత్తం. మూడో ఆక్టెట్‌లో ఐదు ఒకట్లు, మూడు సున్నాలు అన్నమాట. చివరి ఆక్టెట్‌లోని ఎనిమిది సున్నాలు కలిస్తే హోస్ట్ బిట్లు 11. రెండును పదకొండుసార్లు గుణిస్తే 2048, రెండు తీసేస్తే 2046. మరి 1022 ఎవరికి వస్తుంది? తొందరలో 248ని 252 అనుకుని, రెండే సున్నాలు లెక్కపెట్టినవాళ్లకు. బిట్లు తప్పుగా లెక్కపెట్టినవాళ్లు మళ్లీ బిట్లే లెక్కపెట్టి సరిచూసుకుంటే అదే తప్పు మళ్లీ దొర్లే అవకాశం ఉంది. అందుకే రెండో దారి వేరుగా ఉండాలి. 256లోంచి 248 తీసేయండి, 8 వస్తుంది. మూడో ఆక్టెట్‌లో సబ్‌నెట్లు 0, 8, 16, 24 అంటూ ఎనిమిదేసి చొప్పున నడుస్తాయి. 172.16.40.0 దగ్గర మొదలైన సబ్‌నెట్ తర్వాతిది 172.16.48.0 కాబట్టి, మనది 172.16.47.255తో ముగియాలి. మూడో ఆక్టెట్‌లో ఎనిమిది విలువలు, ఒక్కోదానికి 256 అడ్రసులు, మొత్తం 2048. బిట్ల జోలికి పోకుండా వచ్చిన అంకె బిట్లతో వచ్చిన అంకెతో కలిసిందంటే ఇక జవాబు మీద అనుమానం అక్కర్లేదు.

రెండు చివరలూ రాసి పెట్టుకుంటే ఇంకో తప్పు కూడా బయటపడుతుంది. 255తో ముగిసే అడ్రస్ ఏది కనిపించినా బ్రాడ్‌కాస్ట్ అనీ, సున్నాతో ముగిసేది ఏదైనా నెట్‌వర్క్ అడ్రస్ అనీ చాలామందికి ఒక గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో లెక్కిస్తే 8 సార్లు 254, అంటే 2032 వస్తుంది. నిజానికి ఈ సబ్‌నెట్‌లో 172.16.40.255 ఒక మామూలు కంప్యూటర్‌కు ఇవ్వదగిన అడ్రసే, 172.16.41.0 కూడా అంతే. బ్రాడ్‌కాస్ట్ కావాలంటే హోస్ట్ బిట్లు పదకొండూ ఒకట్లు కావాలి. 40.255లో చివరి ఎనిమిది ఒకట్లే అయినా, మూడో ఆక్టెట్‌లోని మూడు హోస్ట్ బిట్లు సున్నాలుగానే ఉన్నాయి. వాడుకలోకి రాని అడ్రసులు 40.0, 47.255 మాత్రమే. దీనికి తిరగేసిన తప్పూ ఉంది. 192.168.1.0/24ని ఎనిమిది /27లుగా విడగొట్టాక కూడా మొత్తం హోస్టులు 254 అనేస్తారు. తీసివేత సబ్‌నెట్ సబ్‌నెట్‌కూ జరుగుతుంది. ఒక్కోదానిలో 30, ఎనిమిదింటిలో 240. చివరలు ఎన్ని జతలుంటే అన్ని రెండ్లు పోతాయి.

ప్రశ్నను తిప్పి అడిగినప్పుడు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఒక విభాగంలో 30 కంప్యూటర్లు, వాటికి రౌటర్ గేట్‌వే ఉంది, ఏ మాస్క్ సరిపోతుందని అడిగారనుకోండి. 30 అనగానే చెయ్యి 255.255.255.224 మీదికి పోతుంది. అందులో 32 అడ్రసులు, వాడుకోదగినవి సరిగ్గా 30. కానీ రౌటర్ ఇంటర్‌ఫేస్‌కూ అదే సబ్‌నెట్‌లోంచి ఒక అడ్రస్ కావాలి, అంటే అవసరం 31. కనుక 62 హోస్టులు పట్టే 255.255.255.192కి వెళ్లాల్సిందే. ఇలాంటి జవాబు సరిచూడటానికి ఒక అడుగు కిందికి దిగి చూడండి. మీరు ఎంచుకున్నదానికంటే ఒక మెట్టు చిన్న సబ్‌నెట్ చాలకూడదు, మీది చాలాలి. ఆ చిన్నది కూడా చాలితే మీరు అడ్రసులు వృథా చేస్తున్నట్టు. ప్రశ్నలో గేట్‌వే ఊసే లేకుండా ‘30 హోస్ట్ అడ్రసులు’ అని మాత్రమే ఉంటే /27 సరైనదే. లేని రౌటర్‌ను ఊహించుకుని మార్కు పోగొట్టుకోవద్దు.

ఉద్యోగంలో చేరాక ఇదంతా చేత్తో ఎవరు చేస్తారు, కాలిక్యులేటర్లు లేవా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పైథాన్‌లో మూడు నాలుగు లైన్లతో తేలిపోతుంది:

```python
import ipaddress
n = ipaddress.ip_network("172.16.40.0/21")
print(n.num_addresses - 2)   # 2046
print(n.broadcast_address)   # 172.16.47.255
```

అయితే పొరపాటున /22 అని టైప్ చేస్తే, ఇదే ప్రోగ్రామ్ అంతే ధీమాగా 1022 అంటుంది, ఏ ఎర్రర్ మెసేజీ రాదు. అప్పుడు తప్పును పట్టించేది రెండో లైన్‌లో వచ్చే 172.16.43.255. మాస్క్‌లో 248 ఉన్నప్పుడు చివర 43 ఎలా వస్తుందని అనుమానం రావాలంటే, ఎనిమిదేసి చొప్పున నడిచే ఆ వరుస మనకు ముందే తెలిసుండాలి. పరీక్ష హాల్లో ఎలాగూ పైథాన్ ఉండదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: ఈ ‘మైనస్ 2’ అన్నిచోట్లా నిజమేనా? కాదు. /31కి సూత్రం వేస్తే హోస్టులు సున్నా అని వస్తుంది. కానీ రెండు రౌటర్లను నేరుగా కలిపే లింకులో బ్రాడ్‌కాస్ట్‌తో పనిలేదు కనుక, ఆ రెండు అడ్రసులూ వాడుకోవచ్చని 2000 డిసెంబర్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3021 అనుమతించింది. /32కి లెక్క ఏకంగా మైనస్ 1 అంటుంది, నిజానికి అది ఒకే ఒక్క అడ్రస్‌ను సూచిస్తుంది. పాత పుస్తకాలు ఇంకో గందరగోళం మిగిల్చాయి. 1985 నాటి ఆర్ఎఫ్‌సీ 950 ప్రభావంతో అవి హోస్టుల్లోంచే కాకుండా సబ్‌నెట్ల సంఖ్యలోంచి కూడా రెండు తీసేసేవి. ఆ పద్ధతికి కాలం చెల్లిందని 1995లో ఆర్ఎఫ్‌సీ 1878 చెప్పేసింది. మన గేట్ ఉదాహరణలో ఐదు సబ్‌నెట్ బిట్లకు ఇప్పుడు 32 సబ్‌నెట్లు, పాత లెక్కలో 30. హోస్టుల దగ్గర తీసివేత మాత్రం అలాగే ఉంది. సాధారణ లాన్‌లో మొదటి అడ్రస్ సబ్‌నెట్‌కు పేరుగా, చివరిది అందరికీ ఒకేసారి పంపే సందేశానికి కేటాయించి ఉంటాయి మరి.

క్లౌడ్ ఉద్యోగాల ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు ఇంకొక్క తేడా గుర్తుంచుకోవాలి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ ప్రతి సబ్‌నెట్‌లో మొదటి నాలుగు అడ్రసులు, చివరిది ఒకటి తన దగ్గరే ఉంచుకుంటుంది. అక్కడ /24లో మీకు దక్కేవి 254 కావు, 251. /28లో 14 కావు, 11. ప్రశ్నలో క్లౌడ్ సంస్థ పేరుందేమో ముందు చూసుకుని, ఆ తర్వాతే ఎంత తీసేయాలో నిర్ణయించుకోండి.