కూరగాయలు: యాప్‌లోనా, వీధి కొట్టులోనా?

ఏరే చెయ్యి ఎవరిది?

బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ లాంటి యాప్‌లకూ సందు చివరి కూరగాయల కొట్టుకూ పెద్ద తేడా కాయను ఏరే దగ్గరే వస్తుంది. కొట్టులో కొనేవాళ్లే ఏరుకుంటారు. యాప్‌లో ఆ పని డార్క్ స్టోర్ ఉద్యోగిది. డార్క్ స్టోర్ అంటే కొనేవాళ్లు అడుగుపెట్టని, ఆర్డర్లు సర్దడానికే ఉన్న గోదాము. సరుకు గురించి అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోవడాన్ని అర్థశాస్త్రంలో సమాచార అసమానత అంటారు. దీనిపై 1970లో పేరొందిన వ్యాసం రాసిన జార్జ్ అకెర్లాఫ్ 2001లో నోబెల్ పంచుకున్నారు. తాజాదనం, ధర, ప్రత్యామ్నాయం మూడింటినీ ఈ ఒక్క సూత్రంతో వివరించవచ్చు.

తాజాదనం

కోసిన తర్వాత కూడా కూరగాయ శ్వాసిస్తుంది, నీరు కోల్పోతుంది. పలుచని ఆకులు ఎక్కువగా ఉండే తోటకూర, గోంగూర అన్నిటికంటే ముందు వాడిపోతాయి. యాప్ చెప్పే డెలివరీ సమయం డార్క్ స్టోర్ నుంచి ఇంటిదాకా పట్టేది మాత్రమే. పొలం నుంచి సేకరణ కేంద్రానికి, అక్కడి నుంచి గోదాముకు, తర్వాత డార్క్ స్టోర్‌కు చేరడానికి పట్టిన గంటలు అందులో కలవవు.

చల్లదనం ఉంటే చాలనుకోవడమూ సరికాదు. ఆకుకూరలకు చలి మేలు చేస్తుంది. వంకాయ, బెండకాయ, దోసకాయలను మాత్రం పది డిగ్రీల కంటే బాగా తక్కువ చలిలో రోజుల తరబడి ఉంచితే తొక్క మీద గుంటలు పడతాయి, వంకాయ గింజలు నల్లబడతాయి. గాలి ఆడని కవర్లో చెమ్మ పట్టిన తోటకూర పైకి పచ్చగానే ఉంటుంది, కట్ట మధ్యలో జిగురు పడుతుంది.

కొట్టులో ఇంకో రకం ఇబ్బంది. తెల్లవారుజామున హైదరాబాద్‌లోని బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి వచ్చిన సరుకు సాయంత్రానికి ఎండకు వడలుతుంది, పైన చల్లిన నీళ్లు ఆ సంగతి దాచేస్తాయి. కానీ బెండకాయ కొన విరిచి చూస్తే నిజం తేలిపోతుంది. టక్కున విరిగితే లేతది, వంగి పీచు కనిపిస్తే ముదురు. ఆ పరీక్షకు యాప్‌లో వీల్లేదు. సరుకు ఇంటికి వచ్చాక ఫోటో తీసి ఫిర్యాదు చేయడమే మిగిలిన దారి.

ధర: ఒక ఊహాత్మక లెక్క

యాప్‌లో కిలో టమాటా 36, అరకిలో బెండ 30, తోటకూర 24 రూపాయలు అనుకుందాం. మొత్తం 90. కొట్టులో అవే 40, 35, 20. మొత్తం 95. ఇంతవరకు చూస్తే యాప్ అయిదు రూపాయలు చవక.

తాజా కూరగాయలపై జీఎస్టీ లేదు. డెలివరీ, హ్యాండ్లింగ్ సేవలపై మాత్రం 18 శాతం ఉంది. ఆ ఛార్జీలు 30 రూపాయలైతే పన్నుతో 35.40 అవుతాయి, బిల్లు 125.40కి చేరుతుంది. ఇంటికి వచ్చిన టమాటాల్లో పదో వంతు చితికి ఉంటే, పనికొచ్చే కిలో 36 కాదు, 40 రూపాయలు పడ్డట్టే. కొట్టు ధర కూడా అదే. పైగా కొట్టులో రెండు రెబ్బల కరివేపాకు కొసరుగా వస్తుంది.

అయితే ఆర్డర్ పెద్దదై డెలివరీ ఉచితమైతే లెక్క తిరగబడవచ్చు. కొట్టుకు వెళ్లిరావడానికి ఆటో ఖర్చయ్యే వృద్ధులకు ఈ ఛార్జీ భారమనిపించదు. అందుకే ఏది చవక అన్నదానికి అందరికీ ఒకే జవాబు ఉండదు.

ముందు తక్కువ ధర చూపి చివర్లో ఛార్జీలు కలపడాన్ని డ్రిప్ ప్రైసింగ్ అంటారు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లోని 13 డార్క్ ప్యాటర్న్‌లలో ఇదొకటి.

ఒకటి లేకపోతే మరొకటి

అర్థశాస్త్రం దృష్టిలో బీరకాయకు సొరకాయ ప్రత్యామ్నాయ వస్తువు. ఒకదాని ధర పెరిగితే రెండోదానికి గిరాకీ పెరుగుతుంది. వంటింట్లో ఆ బంధం వండే కూరను బట్టి మారుతుంది. పప్పులోకి బీర బదులు సొర సరిపోతుంది, బీరపొట్టు పచ్చడికి సరిపోదు. చారుకు పుల్లని నాటు టమాటా కావాలి. దాని బదులు కండ ఎక్కువ, పులుపు తక్కువ ఉన్న హైబ్రిడ్ వస్తే చింతపండు పెంచాల్సిందే.

“గోంగూర రాలేదమ్మా, పప్పులోకైతే చుక్కకూర పట్టుకెళ్లండి” అని కొట్టతను అనగలడు, ఎందుకంటే ఏం వండుతున్నారో అడుగుతాడు. యాప్‌లో సరుకు లేకపోతే సాధారణంగా ఆ వస్తువు తీసేసి డబ్బు తిరిగిస్తారు, లేదా జాబితాలో ఇంకోటి చూపిస్తారు. డబ్బు వెనక్కి వచ్చినా ఆ పూట ఏం వండాలన్న చిక్కు మిగిలిపోతుంది.

పోలికలో తప్పు దొర్లే చోటు

రైతు బజారును, వీధి కొట్టును ఒకే గాట కట్టకూడదు. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతు బజార్లలో రైతు నేరుగా అమ్ముతాడు, ధరల బోర్డు ఉంటుంది. వీధి కొట్టు మధ్యవర్తి వ్యాపారం, అక్కడ ధర బేరంతో తేలుతుంది. యాప్‌ను దేనితో పోలుస్తున్నారో ముందే చెప్పాలి.