బ్యాంకు తక్కువ ఇచ్చిందా?

ప్రశ్న: మా కంపెనీ 3 నెలల తర్వాత తీసుకోబోయే 10 కోట్ల అప్పుకు, 91 రోజుల వడ్డీని 7 శాతం దగ్గర ఫార్వర్డ్ రేట్ అగ్రిమెంట్‌తో ఖాయం చేసుకున్నాం. ఆ రోజుకు మార్కెట్ రేటు 7.8 శాతమైంది. నా లెక్కలో రూ.1,99,452 రావాలి. బ్యాంకు రూ.1,95,647 మాత్రమే వేసింది. ఎందుకు?
– ఒక అకౌంట్స్ అధికారి

జవాబు: బ్యాంకు లెక్క సరైనదేనండీ. మీరు వేసిన తేడా కూడా సరైనదే: 10 కోట్లపై 0.8 శాతం, 91/365. కానీ వడ్డీ కట్టాల్సింది అప్పు గడువు ముగిశాక. బ్యాంకు మీకు డబ్బిచ్చింది 91 రోజుల ముందు, అప్పు మొదలైన రోజునే. అందుకే ఆ మొత్తాన్ని నేటి విలువకు తగ్గిస్తారు:

1,99,452 ÷ (1 + 0.078 × 91/365) = 1,95,647

వచ్చిన సొమ్మును 7.8 శాతానికి 91 రోజులు ఉంచి చూడండి, సరిగ్గా రూ.1,99,452 అవుతుంది. మీకు నష్టమేమీ లేదు.

తప్పు ఎక్కువగా జరిగేది భాగహారంలోనే. అక్కడ వాడాల్సింది ఆ రోజు మార్కెట్ రేటు, ఒప్పందపు 7 శాతం కాదు. 7 వేస్తే రూ.1,96,031 వస్తుంది, రూ.384 తేడా పడుతుంది. రూపాయి ఒప్పందాల్లో ఏడాదికి 365 రోజులు, డాలరు వాటిలో 360 అన్నదీ గమనించండి.

బ్యాంకు తీసుకున్న మార్కెట్ రేటో, రోజుల సంఖ్యో మీ ఒప్పంద పత్రంతో సరిపోలకపోతే మాత్రం ఆలస్యం చేయకండి. ఆ పత్రంతో బ్యాంకు ట్రెజరీ విభాగానికి రాతపూర్వకంగా రాయండి, మీ ఆడిటర్‌కూ చూపించండి.