మూడు బండ్లలో ఏది కొనాలి? పోలిక నుంచి సిఫార్సు స్లయిడ్ దాకా

విజయవాడ చుట్టుపక్కల దుకాణాలకు పాలు వేసే ఒక ఏజెన్సీ ఉందనుకుందాం. పాత బండి సంపాదించేదంతా రిపేర్లకే పోతోంది. కొత్తది కొనాలి. డీజిల్, సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ మినీ ట్రక్కుల్లో ఏది తీసుకోవాలో భాగస్వాములు ఇద్దరూ శనివారం తేలుస్తారు. వాళ్ళ ముందు పెట్టే పోలిక మీరు తయారు చేయాలి. కింద వాడిన రూపాయల లెక్కలు ఉదాహరణకు వేసుకున్నవే. మీ ఊరి ధరలు అడిగి మార్చుకోండి.

ముందు ప్రశ్న రాయండి

"ఏ బండి మంచిది?" అని అడిగితే ఎవరి జవాబు వాళ్ళకుంటుంది. "600 కిలోల పాల ట్రేలను రోజూ 90 కిలోమీటర్ల రూటులో ఉదయం ఏడులోపు దించడానికి ఏ బండి కొనాలి?" అని రాస్తే సగం వాదన అక్కడే తెగిపోతుంది.

ఈ వాక్యంలో రాజీ పడలేనివి మూడున్నాయి: లోడు, దూరం, టైము. వీటికి మార్కులు వేయకూడదు. 600 కిలోలు మోయలేని బండికి మిగతా అన్నిట్లో అయిదుకు అయిదు వచ్చినా మనకు పనికిరాదు, అలాంటిది పట్టికలోకి రాకముందే పక్కకు పోవాలి. ఎలక్ట్రిక్ బండి ఒక్క చార్జింగుతో ఎంత దూరం పోతుందో బ్రోచర్ చూసి నమ్మకండి. నిండు లోడుతో మీ రూటులోనే ఒకసారి నడిపి చూపించమని డీలర్‌ని అడగండి. మన ఉదాహరణలో మూడూ ఈ పరీక్ష దాటాయనుకుందాం.

నాలుగు ప్రమాణాలు చాలు

మొదటిసారి చేసేవాళ్ళు పది పన్నెండు ప్రమాణాలు రాసేస్తారు. వాటిలో సగం ఒకటే విషయాన్ని రెండు మూడు పేర్లతో చెబుతుంటాయి. "కొనే ధర", "ఐదేళ్ళ మొత్తం ఖర్చు" రెండూ పెట్టారనుకోండి, కొనే ధర ఐదేళ్ళ ఖర్చులో ఎలాగూ ఉంది కాబట్టి ఖరీదైన బండికి ఒకే కారణంతో రెండుసార్లు మార్కులు కోసినట్టవుతుంది. అసలు దిగులు ఇప్పుడు చేతి నుంచి ఎంత పెట్టాలన్నదైతే ఆ మాటే రాయండి, అది వేరే విషయం.

మనం తీసుకునేవి ఇవి: ఐదేళ్ళ మొత్తం ఖర్చు, ఉదయం బండి ఆగకుండా తిరగడం, డౌన్‌పేమెంటు, రేపు రూటు పొడిగిస్తే సరిపోవడం.

ఇప్పుడు వందను వీటికి పంచాలి. మార్కులు వేయకముందే ఈ పని అయిపోవాలి. మార్కులు చూశాక వెయిటేజీ వేస్తే మనకు నచ్చిన బండి గెలిచేదాకా సర్దుతూనే ఉంటాం. భాగస్వాములు ఇద్దరినీ విడివిడిగా రాయమనండి. ఒకరు ఖర్చుకు 50, ఇంకొకరు 30 రాస్తే మాట్లాడుకోవాల్సింది అక్కడే, బండి గురించి కాదు. చివరికి 40, 30, 20, 10 అని ఒప్పుకున్నారనుకుందాం.

ఏ అంకెకు ఎన్ని మార్కులో ముందే రాసిపెట్టండి

అయిదు మార్కులంటే ఏమిటో చెప్పకపోతే ఒకరి నాలుగు ఇంకొకరికి మూడవుతుంది. ఖర్చు విషయంలో ఇది తేలిక. మొత్తం రూ.12.5 లక్షల లోపైతే 5, 13.5 లోపైతే 4, 14.5 లోపైతే 3, 15.5 లోపైతే 2, ఆ పైన 1.

ఏడాదికి 300 రోజులు, రోజుకు 90 కిలోమీటర్లంటే ఐదేళ్ళలో 1,35,000 కిలోమీటర్లు. కిలోమీటరుకు డీజిల్ రూ.6, సీఎన్‌జీ రూ.4.50, కరెంటు రూ.1.50 అనుకుంటే ఇంధనానికి వరుసగా 8.1, 6.1, 2 లక్షలవుతాయి. దీనికి కొనే ధర (7.5, 7, 11 లక్షలు), మెయింటెనెన్స్ (1.5, 1.5, 1) కలిపి, ఐదేళ్ళ తర్వాత అమ్మితే వచ్చేది (2.5, 2.5, 2) తీసేస్తే డీజిల్ 14.6, సీఎన్‌జీ 12.1, ఎలక్ట్రిక్ 12 లక్షలు.

చివరి రెండు అంకెలు చూడండి. మొదటి గీత 12.5 దగ్గర కాకుండా 12.05 దగ్గర పడి ఉంటే ఎలక్ట్రిక్‌కు 5, సీఎన్‌జీకి 4 వచ్చేవి. పదివేల తేడాకు ఒక మార్కు, అంటే వెయిటేజీతో కలిపి 40 పాయింట్లు పోయేవి. సీఎన్‌జీ ధర కిలోకు నాలుగు రూపాయలు మారినా తారుమారయ్యే అంచనా ఇది, ఇందులో పదివేలు తేడానే కాదు. అందుకే గీతలు గీసేటప్పుడు అంచనాలో ఎంత అటూఇటూ ఉందో చూసుకుని, దగ్గర దగ్గరగా ఉన్నవాటికి ఒకే మార్కు పడేలా గీయాలి.

మిగతా మూడు ప్రమాణాలకూ ఇలాగే రాయండి. ఉదాహరణకు "ఆగకుండా తిరగడం"లో, ఎప్పుడైనా ఏ బంకులోనైనా నిమిషాల్లో నింపుకోగలిగితే 5, క్యూలో నిలబడాల్సి వస్తే 4, రాత్రి కరెంటు పోతే ఉదయం ట్రిప్పు దెబ్బతింటే 3.

| | వెయిటేజీ | డీజిల్ | సీఎన్‌జీ | ఎలక్ట్రిక్ |
|---|---|---|---|---|
| ఐదేళ్ళ ఖర్చు | 40 | 2 | 5 | 5 |
| ఆగకుండా తిరగడం | 30 | 5 | 4 | 3 |
| డౌన్‌పేమెంటు | 20 | 4 | 4 | 2 |
| రూటు పొడిగింపు | 10 | 5 | 4 | 2 |
| మొత్తం (500కి) | | 360 | 440 | 350 |

ఎక్సెల్‌లో వెయిటేజీలు B2 నుంచి B5 దాకా, డీజిల్ మార్కులు C2 నుంచి C5 దాకా ఉంటే C6లో ఇది రాసి పక్క కాలమ్‌లకు లాగండి:

```
=SUMPRODUCT($B$2:$B$5,C2:C5)
```

గెలిచినదాన్ని కదిపి చూడండి

440 వచ్చిందని ఆగిపోకండి. ఏం మారితే జవాబు మారుతుందో వెతకండి. ఎలక్ట్రిక్‌తో పోలిస్తే సీఎన్‌జీకి ఏ వరుసలోనూ తక్కువ రాలేదు, కాబట్టి వెయిటేజీలు ఎలా మార్చినా ఎలక్ట్రిక్ దాన్ని దాటదు. దాని మీద చర్చ పెట్టాలంటే మార్కుల మీదే పెట్టాలి. డీజిల్ సంగతి వేరు. డౌన్‌పేమెంటు 20 అలాగే ఉంచి ఖర్చు వెయిటేజీని 40 నుంచి తగ్గిస్తూ, ఆ తగ్గించినది ఆగకుండా తిరగడానికీ రూటుకూ ఇస్తూ పోతే, 20 దగ్గర డీజిల్, సీఎన్‌జీ సమానమవుతాయి. ఖర్చుకు అయిదో వంతు కూడా విలువ ఇవ్వని యజమాని అయితే తప్ప సీఎన్‌జీ నిలబడుతుంది.

దూరం కూడా మార్చి చూడండి. రోజుకు 150 కిలోమీటర్లయితే ఇంధనం లెక్క ఒక్కటి మార్చినా సీఎన్‌జీ 16.1 లక్షలు, ఎలక్ట్రిక్ 13.4 లక్షలు అవుతుంది. అప్పుడు బండి చార్జింగ్ అంత దూరం వస్తుందా అన్న దగ్గర నుంచీ పోలిక మళ్ళీ మొదలుపెట్టాలి.

సిఫార్సు స్లయిడ్

దీన్ని అన్నిటికంటే ముందు పెట్టండి. చాలామంది పట్టికతో మొదలుపెడతారు. అప్పుడు వినేవాళ్ళు ఒక్కో గడి మీద వాదనలోకి దిగిపోయి, మీరు ఏం చేయమంటున్నారో వినరు. పట్టిక రెండో స్లయిడ్, ఖర్చు లెక్క మూడోది, అంతే.

"పోలిక ఫలితాలు" అన్న శీర్షిక ఏమీ చెప్పదు. నిర్ణయాన్నే వాక్యంగా రాయండి. మన స్లయిడ్ ఇలా ఉంటుంది:

> సీఎన్‌జీ బండి కొందాం: ఐదేళ్ళలో డీజిల్ కన్నా రూ.2.5 లక్షలు తక్కువ
> ఎందుకు: మార్కులు 440, డీజిల్ 360, ఎలక్ట్రిక్ 350. ఎలక్ట్రిక్‌తో ఖర్చు సమానమే, కానీ డౌన్‌పేమెంటు తక్కువ.
> ఇబ్బంది: బంకు దగ్గర క్యూ. ముందు రోజు సాయంత్రమే గ్యాస్ నింపుకోవాలి.
> మళ్ళీ ఆలోచించాల్సింది: రూటు రోజుకు 150 కి.మీ.కు చేరేలా ఉంటే.
> ఈరోజు కావాల్సింది: అడ్వాన్స్ కట్టడానికి ఇద్దరి ఒప్పుదల.

ఇబ్బంది వరుస చూసి దాన్ని తీసేద్దామని ఎవరైనా అంటారు, తీయనివ్వకండి. క్యూ సంగతి డ్రైవర్‌కు ఎలాగూ తెలుసు. అది స్లయిడ్‌లో లేకపోతే మిగతా అంకెల మీద కూడా అనుమానం వస్తుంది. ఇక చివరి వరుసలో ఎవరు, ఎప్పటిలోగా, ఏం చేయాలో లేకపోతే శనివారం మీటింగ్ "చూద్దాం" అన్న మాటతో వచ్చే శనివారానికి వాయిదా పడుతుంది.