ఫీజు మెయిల్ స్కూలు నుంచే వచ్చిందా?



"టర్మ్ ఫీజు గడువు రేపటితో ముగుస్తుంది. మా బ్యాంకు ఖాతా మారింది. ఈ కొత్త ఖాతాకు పంపండి" అంటూ మీకో మెయిల్ వచ్చిందనుకోండి. పంపినవారి చోట accounts@school.example అని ఉంది. (ఇది వివరణ కోసం తీసుకున్న అడ్రసే, నిజమైన ఏ స్కూలుదీ కాదు.) అడ్రసు అక్షరం కూడా తప్పు లేదు కాబట్టి నమ్మేయవచ్చా?

నమ్మకూడదు. కవరులో పెట్టిన ఉత్తరం పైన ఎవరి పేరైనా రాసుకోవచ్చు, పోస్ట్‌మ్యాన్ అడగడు. మెయిల్ కూడా అంతే. మనకు స్క్రీన్ మీద కనిపించేది లోపలి ఉత్తరం మీద రాసిన పేరు. దానికి పైన, మనకు కనిపించని కవరు ఒకటి ఉంటుంది. ఉత్తరం చేరకపోతే ఎక్కడికి తిప్పి పంపాలో ఆ కవరు మీద ఉంటుంది. ఈ రెండు అడ్రసులూ ఒకటే కావాలని మెయిల్ పుట్టినప్పుడు నియమమేమీ పెట్టలేదు. మోసగాడికి కావలసిన సందు అదే.

దీన్ని మూయడానికి స్కూలు తన డొమైన్ పేరు కింద, డీఎన్ఎస్ అనే బహిరంగ పట్టికలో, కొన్ని రికార్డులు పెడుతుంది. వాటిని ఎవరైనా చదవవచ్చు, మార్చే అధికారం మాత్రం ఆ డొమైన్ యజమానిదే. మొదటిది ఎస్‌పీఎఫ్:

```
v=spf1 ip4:203.0.113.10 -all
```

"మా పేరుతో మెయిల్ పంపేది ఈ నంబరు సర్వరు మాత్రమే, మిగతావి మావి కావు" అని దీని అర్థం. మెయిల్ అందుకునే సర్వరు కవరు మీది డొమైన్ చూసి, ఈ జాబితాతో పోల్చుకుంటుంది. రెండోది డీకిమ్. పంపే సర్వరు రహస్య తాళంతో మెయిల్‌కు ఒక సంతకం జోడిస్తుంది. దాన్ని సరిచూసే తాళం డీఎన్ఎస్‌లో ఉంటుంది. సంతకం చేసిన భాగంలో దారిలో ఒక్క అంకె మారినా సంతకం చెల్లదు.

ఇప్పుడు మన ఫీజు మెయిల్‌కు వద్దాం. మోసగాడికి bulk-offers.example అనే సొంత డొమైన్ ఉంది. కవరు మీద దాన్నే రాశాడు, తన సర్వరు నుంచే పంపాడు, తన తాళంతోనే సంతకం పెట్టాడు. లోపలి ఉత్తరం మీద మాత్రం స్కూలు అడ్రసు వేశాడు. ఎస్‌పీఎఫ్ పాస్! డీకిమ్ కూడా పాస్! ఎందుకంటే రెండూ అతని డొమైన్‌నే పరీక్షించాయి. పాస్ అన్న మాట చూసి చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

మూడో రికార్డు డీమార్క్ అడిగే ప్రశ్న వేరు: పాస్ అయిన డొమైన్, చదివేవారికి కనిపించే డొమైన్ ఒకటేనా? రెండు పరీక్షల్లో ఒక్కటైనా స్కూలు పేరు మీద పాస్ అయితే చాలు. ఇక్కడ ఒక్కటీ కాలేదు, కాబట్టి ఫెయిల్. ఫెయిల్ అయితే ఏం చేయాలో కూడా స్కూలే రాసిపెడుతుంది:

```
v=DMARC1; p=reject
```

p=reject అంటే తిప్పికొట్టమని, p=quarantine అంటే స్పామ్‌లో వేయమని, p=none అంటే ప్రత్యేకంగా ఏమీ చేయవద్దని. చాలా సంస్థలు none దగ్గరే ఆగిపోతాయి. అప్పుడు ఆ దొంగ మెయిల్ ఇన్‌బాక్స్‌కే రావచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకు 5,000కు మించి జీమెయిల్ ఖాతాలకు పంపేవారికి గూగుల్ ఈ మూడు రికార్డులనూ తప్పనిసరి చేసింది. డీమార్క్‌లో none ఉన్నా సరే అంది.

ఫెయిల్ అన్నంత మాత్రాన ప్రతిదీ దొంగదనీ కాదు. మీ ఆఫీసు మెయిల్ తనంతట తాను మీ జీమెయిల్‌కు ఫార్వర్డ్ అవుతుంటే, అది ఆఫీసు సర్వరు నుంచి వస్తుంది గనుక స్కూలు ఎస్‌పీఎఫ్ జాబితాలో దొరకక ఫెయిల్ కావచ్చు. సంతకం చెక్కుచెదరకపోతే డీకిమ్ ఆదుకుంటుంది.

మీరే చూడాలంటే, కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి Show original ఎంచుకోండి. పైన SPF, DKIM, DMARC ఫలితాలు కనిపిస్తాయి. DKIM పక్కన ఏ డొమైన్ పేరు ఉందో చదవండి. అది స్కూలుదేనా అన్నదే అసలు ప్రశ్న.

అయితే మూడూ నిజాయితీగా పాస్ అయ్యే మోసం ఒకటుంది. మోసగాడు schoo1.example అని, చివరి అక్షరం బదులు 1 అంకె వేసి కొత్త డొమైన్ కొంటే, దానికి రికార్డులన్నీ తనే పెట్టుకుంటాడు. ఫోన్‌లోనేమో చాలాసార్లు పేరే కనిపిస్తుంది, అడ్రసు కనిపించదు. పేరు మీద వేలు నొక్కి అడ్రసు మొత్తం చదవండి. స్కూలు ఉద్యోగి పాస్‌వర్డే దొంగిలించి పంపితే అదీ కనిపెట్టలేం. కాబట్టి ఖాతా మారిందనే మెయిల్ ఎంత సక్రమంగా కనిపించినా, దానిలో ఇచ్చిన నంబరుకు కాకుండా పాత ఫీజు రసీదు మీదో, డైరీలోనో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడిగాకే డబ్బు పంపండి.