వాట్సాప్ ఫొటోలోని పట్టిక చివరి వరుసకూ కనబడాలంటే

రేపు పొద్దున కలెక్టరేట్‌లో ధాన్యం కొనుగోళ్ల మీద సమీక్ష. మండలాల వారీ పట్టిక రాత్రి వాట్సాప్‌లో ఫొటోగా వస్తుంది. దాన్ని అలాగే స్లైడ్ మీద అతికిస్తే ముందు వరుసలో కూర్చున్న వాళ్లే చదవలేరు. ఇక వెనుక కూర్చున్న తహసీల్దార్లు, ఏపీఎంలు తమ మండలం అంకె ఏదో పక్కవాళ్లను అడగాల్సి వస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఆఫీసుల్లో ఈ పని చేసేవాళ్లకు రెండు చిక్కులుంటాయి. ఫొటోలోని అంకెలు తప్పు లేకుండా బయటికి రావాలి, వచ్చినవి హాలు చివరిదాకా కనబడాలి.

ముందు ఎక్సెల్ ఫైలే పంపమని అడగండి. అది దొరకకపోతే, ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, చిన్న అంకెలు అలుక్కుపోతాయి. కొత్త ఎక్సెల్‌లో Data > From Picture > Picture From File నొక్కి ఫొటో ఇస్తే అంకెలు గళ్లలోకి వస్తాయి. అనుమానమున్న గళ్లకు ఎక్సెలే రంగు వేసి చూపిస్తుంది. అయితే ఇది తెలుగు అక్షరాలు చదవదు. మండలాల పేర్లు, శీర్షికలు మీరే టైప్ చేసుకోవాలి.

రంగు వేయని గళ్లలోనూ తప్పులు దొర్లుతాయి. 8 కాస్తా 3 అవుతుంది, 48.5లో చుక్క ఎగిరిపోయి 485 అవుతుంది, సున్నా బదులు ఇంగ్లిష్ O అక్షరం వచ్చి కూర్చుంటుంది. ఈ చివరిది మరీ ప్రమాదం. ఆ గడిని ఎక్సెల్ అక్షరంగా లెక్కేసి కూడికలో వదిలేస్తుంది, పైకి మాత్రం అంకెలాగే కనిపిస్తుంది. జనగామ పట్టికలో 12 మండలాలు 2వ వరుస నుంచి 13వ వరుస దాకా ఉన్నాయనుకోండి. కింద ఈ రెండూ వేయండి.

```
=COUNT(B2:B13)
=SUM(B2:B13)
```

మొదటిది 12 చూపించాలి. 11 వస్తే ఎక్కడో ఒక గడి అంకె కాదన్నమాట. రెండోది ఫొటోలో అచ్చయిన మొత్తంతో సరిపోవాలి. శాతాల నిలువు వరుసను మాత్రం ఫొటో నుంచి తీసుకోవద్దు. కొన్న ధాన్యాన్ని లక్ష్యంతో భాగించి మళ్లీ వేయించండి. ఏదైనా మండలానికి 300 శాతం వచ్చిందంటే చుక్క పోయిన చోటు దొరికినట్టే. ఇంకోటి, పాత నమూనా ఫైలులో పోస్తుంటే మండలాల సంఖ్య ఒకసారి చూసుకోండి. 2022లో మహబూబాబాద్‌లో సీరోలు, ఇనుగుర్తి, భూపాలపల్లిలో కొత్తపల్లిగోరి కొత్తగా చేరాయి. పాత నమూనాలో వాటికి వరుస ఉండదు.

ఇక స్లైడ్. వచ్చిన ఫొటోలో తొమ్మిది నిలువు వరుసలున్నా తెర మీదకు నాలుగు చాలు: మండలం, లక్ష్యం, కొన్నది, శాతం. మిగతావి ప్రింటు తీసి చేతికివ్వండి. ఎక్సెల్‌లో ఆ నాలుగూ కాపీ చేసి, పవర్‌పాయింట్‌లో Use Destination Styles అనే పద్ధతిలో అతికించండి. బొమ్మగా అతికిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

అక్షరం ఎంత పెద్దగా ఉండాలన్నది వరుసల లెక్కే చెబుతుంది. మామూలు వెడల్పు స్లైడ్ ఎత్తు 540 పాయింట్లు. తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి 20 పాయింట్ల అక్షరానికి గడి అంచులతో కలిపి వరుసకు సుమారు 34 పాయింట్లు పడుతుంది. జనగామకు 12 మండలాలు, శీర్షిక, మొత్తం కలిపి 14 వరుసలు, అంటే 476 పాయింట్లు. పైన ఒక్క లైను పేరుకు చోటు మిగులుతుంది. 24 పాయింట్లు పెడితే పట్టిక స్లైడ్ దాటిపోతుంది. 18 మండలాల మహబూబాబాద్‌కు 20 వరుసలు కావాలి. ఒకే స్లైడ్‌లో ఇరికించాలంటే అక్షరం సుమారు 12 పాయింట్లకు దిగుతుంది, అప్పుడు ఒత్తులు కనబడవు. అందుకని మహబూబాబాద్, తొర్రూరు రెవెన్యూ డివిజన్లకు చెరో స్లైడ్ చేయండి. ఎవరి డివిజన్ వంతు వచ్చినప్పుడు వాళ్లు చూసుకుంటారు కాబట్టి సమీక్షకూ అదే అనువు.

మొదటి నిలువు వరుసను బాగా వెడల్పు చేయండి. ‘స్టేషన్ ఘన్‌పూర్’ రెండు లైన్లుగా విరిగిందంటే ఆ ఒక్క వరుసే లావెక్కి, చివరనున్న మొత్తాన్ని స్లైడ్ కిందికి తోసేస్తుంది. అంకెలు కుడివైపు సర్దండి, ఒకట్ల కింద ఒకట్లు పడతాయి. కిటికీల వెలుతురున్న హాల్లో లేత బూడిదరంగు గీతలు, పట్టీలు తెర మీద మాయమైపోతాయి. తెల్లటి నేల మీద నల్ల అక్షరం, వరుసల మధ్య ముదురు సన్నగీత చాలు. వెనుకబడిన మండలాన్ని చూపించాలంటే ఎర్రరంగు ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఆ వరుసను బోల్డ్ చేయండి.

హాలుకు వెళ్లకముందే పరీక్ష చేయొచ్చు. తెర ఎత్తు 4 అడుగులు, చివరి కుర్చీ 30 అడుగుల దూరంలో ఉంటే, ఆ దూరం తెర ఎత్తుకు ఏడున్నర రెట్లు. మామూలు 15 అంగుళాల ల్యాప్‌టాప్ తెర ఎత్తు ఏడున్నర అంగుళాలుంటుంది. కాబట్టి స్లైడ్ షో పెట్టి దాదాపు 5 అడుగులు వెనక్కి జరిగితే, చివరి కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఎంత కనబడుతుందో మీకూ అంతే కనబడుతుంది. కాకపోతే ప్రొజెక్టర్ వెలుగు ల్యాప్‌టాప్ కన్నా మసక. ఇక్కడే కళ్లు చికిలించాల్సి వస్తే, ఇంకో నిలువు వరుస తీసేయండి, లేదా పట్టికను రెండు స్లైడ్లు చేయండి.